ఇంటికప్పుకు ఉష్ణరోధకం: కార్బన్ అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది?

ఎండ వేడిని గదిలోకి రాకుండా ఆపే పదార్థాన్ని ఉష్ణరోధకం అంటారు. అది కరెంటును ఆదా చేస్తుంది, కానీ ఫ్యాక్టరీలో తయారవడానికి తానూ శక్తిని తీసుకుంటుంది. ముడిసరుకు తీయడం, తయారీ, రవాణా, అమర్చడం, చివరికి పారవేయడం వరకు వెలువడే కర్బన ఉద్గారాలన్నిటినీ కలిపి ఆ పదార్థపు ఎంబాడీడ్ కార్బన్ అంటారు. ఇల్లు వాడుకలో ఉన్నంతకాలం ఏసీ, ఫ్యాన్ల కరెంటు వల్ల ఏటేటా వెలువడేది నిర్వహణ కార్బన్. మొదటిది ఒక్కసారిగా చేసే అప్పు, రెండోదానిలో తగ్గేది ఏటా తీరే వాయిదా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ పదార్థం ఎక్కడ మేలో తెలుస్తుంది.

హైదరాబాద్‌లో పై అంతస్తు పడకగదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని కప్పు 15 సెంటీమీటర్ల ఆర్‌సీసీ స్లాబు. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి చాలాసేపటి వరకు ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. వేసవిలో 120 రాత్రులు, రాత్రికి 8 గంటల చొప్పున ఏసీ నడుస్తుందనీ, ఆ సమయంలో కప్పుపై వేడికీ గదికీ మధ్య తేడా సగటున 10 డిగ్రీలనీ అనుకుంటే లెక్క సులువవుతుంది. రోధకం లేని స్లాబు చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 2.9 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. దానిపై 5 సెంటీమీటర్ల థర్మోకోల్ పలక పరిస్తే అది 0.6 వాట్లకు పడిపోతుంది. అంటే 10 డిగ్రీల తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 23 వాట్ల వేడి తగ్గుతుంది. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుందనుకుంటే, ఏడాదికి చదరపు మీటరుకు సుమారు 7 యూనిట్ల కరెంటు మిగులుతుంది. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాబట్టి ఏటా తీరే వాయిదా సుమారు 5 కిలోలు.

ఇక అప్పు ఎంతో చూడాలి. కప్పులకు వాడే థర్మోకోల్ ఘనపు మీటరు బరువు సుమారు 20 కిలోలు. 5 సెంటీమీటర్ల మందంలో చదరపు మీటరుకు ఒక కిలో పడుతుంది. కిలో థర్మోకోల్ తయారీలో సుమారు 3.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాబట్టి పలక వరకు చేసిన అప్పు మొదటి వేసవిలోనే తీరిపోతుంది. అయితే థర్మోకోల్‌ను ఎండకు, అడుగుల బరువుకు వదిలేయలేరు. దానిపై 5 సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే చదరపు మీటరుకు 110 నుంచి 120 కిలోల బరువు, దానితోపాటు 12 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ చేరతాయి. రక్షణ పొర కార్బన్ అసలు రోధకం కార్బన్‌కు మూడున్నర రెట్లు దాటుతుంది. డాబా వాటర్‌ప్రూఫింగ్ కోసం ఎలాగూ ఆ పొర వేయాల్సి ఉంటే దాన్ని రోధకం ఖాతాలో రాయనక్కరలేదు. రోధకం కోసమే పోస్తే రాయాల్సిందే. అప్పుడు అప్పు తీరడానికి మూడేళ్లు పడుతుంది.

పదార్థాలను కిలో లెక్కన పోల్చితే పొరపాటు జరుగుతుంది. కిలోకు వెలువడే కార్బన్ చూస్తే రాక్‌వూల్ థర్మోకోల్‌కంటే చాలా మేలు. రాయిని కరిగించి పోగులుగా తీసే ఈ రాక్‌వూల్‌కు కిలోకు ఒక కిలో కంటే కాస్త ఎక్కువే అవుతుంది. కానీ బరువు మోయాల్సిన కప్పు పలకకు ఘనపు మీటరుకు 150 కిలోల సాంద్రత కావాలి. అంటే 5 సెంటీమీటర్లకు చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు, కార్బన్ 8 కిలోలకు పైనే. రెండూ దాదాపు ఒకే స్థాయిలో వేడిని ఆపుతాయి. కనుక పోలిక ఎప్పుడూ ఒకే చోట, ఒకే స్థాయిలో వేడిని ఆపడానికి కావలసిన పరిమాణాల మధ్య ఉండాలి. మంటలకు తట్టుకోవాల్సిన చోట మాత్రం రాక్‌వూల్‌కు ఇచ్చే అదనపు కార్బన్ వృథా కాదు. థర్మోకోల్ మండుతుంది, రాక్‌వూల్ మండదు.

అన్నిటికంటే పెద్ద తేడా కంటికి కనిపించని చోట ఉంది. ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు పలకలో బుడగలు రావడానికి ఒక వాయువును ఎక్కిస్తారు. అమెరికాలో చాలా ఏళ్లపాటు ఇందుకు హెచ్‌ఎఫ్‌సీ-134ఎ వాడారు. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు కిలో, కార్బన్ డయాక్సైడ్ 1,430 కిలోలకు సమానం. 5 సెంటీమీటర్ల ఎక్స్‌పీఎస్ చదరపు మీటరుకు 1.65 కిలోలు ఉంటే, అందులో 7 శాతం ఈ వాయువైనా 115 గ్రాములు అవుతుంది. అదంతా మెల్లగా గాలిలో కలిస్తే దాదాపు 165 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏటా 5 కిలోల వాయిదాతో ఆ అప్పు తీరడానికి 30 ఏళ్లు దాటుతుంది. అదే పలకను కార్బన్ డయాక్సైడ్‌తోనో, హెచ్‌ఎఫ్‌ఓ వాయువుతోనో తయారుచేస్తే అప్పు ఒకటి రెండేళ్లలో తీరిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2020 నుంచి ఎక్స్‌పీఎస్‌లో ఇలాంటి హెచ్‌ఎఫ్‌సీలను నిషేధించింది. పియూఎఫ్ నురుగులో వాడే హెచ్‌సీఎఫ్‌సీ-141బి వాయువు దిగుమతిని భారత్ అదే ఏడాది ఆపేసింది. ఎక్స్‌పీఎస్, పియూఎఫ్ కొనేటప్పుడు మందం, ధర కన్నా ముందు అడగాల్సింది నురుగు వాయువు పేరు. థర్మోకోల్‌లో సాధారణంగా పెంటేన్ వాడతారు, దాని ప్రభావం ఈ వాయువుల ముందు చాలా తక్కువ.

మందం పెంచుకుంటూ పోతే లాభం అదే వేగంతో పెరగదు. 5 సెంటీమీటర్ల థర్మోకోల్ వేడి ప్రవాహాన్ని 2.9 నుంచి 0.6కు దించింది. మరో 5 సెంటీమీటర్లు వేస్తే అది 0.3కు మాత్రమే వస్తుంది. మొదటి పొర ఏటా 5 కిలోలు తీరిస్తే, రెండోది అర కిలోకు కాస్త ఎక్కువ తీరుస్తుంది. దాని 3.3 కిలోల అప్పుకు ఆరేళ్లు పడుతుంది. థర్మోకోల్ విషయంలో ఇంకా లాభమే, హెచ్‌ఎఫ్‌సీ నురుగు విషయంలో ఎప్పటికీ తీరని అప్పు. సౌర, పవన విద్యుత్తు పెరిగి గ్రిడ్ శుభ్రపడేకొద్దీ వాయిదా ఇంకా చిన్నదవుతుంది. అందువల్ల మొదట్లోనే తక్కువ కార్బన్ ఉన్న పదార్థానికి విలువ మరింత పెరుగుతుంది.

ఏసీ లేని ఇంట్లో ఈ లెక్క మారిపోతుంది. అక్కడ మిగిలే కరెంటు దాదాపు శూన్యం, రోధకం ఇచ్చేది చల్లదనమే తప్ప కార్బన్ ఆదా కాదు. అలాంటి కప్పులకు తెలుపు పూత ముందు రావాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రధానంగా ఎండను తిప్పికొట్టే ఇలాంటి కప్పులనే ప్రోత్సహిస్తుంది. ఏసీ ఉన్న ఇంట్లోనూ పూత వేశాక వేడి తేడా సగానికి తగ్గితే రోధకం ఇచ్చే ఆదా కూడా సగమవుతుంది, అప్పు తీరే కాలం రెట్టింపవుతుంది. అందుకే పూత ప్రభావాన్ని ముందు లెక్కించి, ఆ తర్వాతే మందం నిర్ణయించుకోవాలి.

కాగితం మీద తీరిన అప్పు కప్పు మీద తీరకపోవడానికి ముఖ్య కారణం తడి. థర్మోకోల్ కన్నా నీరు దాదాపు 16 రెట్లు ఎక్కువగా వేడిని పంపుతుంది. వాటర్‌ప్రూఫింగ్ పొర చిట్లి రోధకం నానితే ఆదా పడిపోతుంది. పలకల మధ్య సందులు వదిలినా అంతే. మే నెలలో రాత్రి పది గంటలకు ఏసీ వేయకముందు, చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో లోకప్పును అక్కడక్కడా చూస్తే సంగతి తెలుస్తుంది. బాగా అమర్చిన కప్పు ఉష్ణోగ్రత లోపలి గోడలకు దగ్గరగా, అంతటా ఒకేలా ఉంటుంది. ఒకచోట మాత్రం రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే అక్కడ సందో, తడో ఉన్నట్టు అనుమానించి పైపొరను పరీక్షించాలి.