కందిపప్పు లెక్క

మేనల్లుడు ఫోన్‌లో పెట్టిచ్చిన సరుకుల లెక్క యాప్‌ను ఆ పల్లె కిరాణా కొట్టు మామయ్య మొదట్లో నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. కొత్తగా తెచ్చిన 30 కిలోల కందిపప్పు బస్తాలో ఆరు రోజులకు 18 కిలోలు అమ్మినట్టు నమోదైంది. యాప్ 12 కిలోలు మిగిలాయంది, కాటా మీద 10 కిలోలే తేలాయి.

ఇద్దరూ కూర్చుని వెతికితే తేడా దొరికింది. కిలోన్నర అరువు మీద పోయి, ఖాతా పుస్తకంలోకి మాత్రమే ఎక్కింది. అరకిలో ఇంటి వంటకు వెళ్లింది. కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి, చెప్పని సరుకు యాప్‌కు తెలియదంతే. మేనల్లుడు ‘అరువు’, ‘ఇంటి వాడకం’ అని రెండు మీటలు చేర్చాడు.

మరుసటి వారం తేడా 200 గ్రాములకు దిగింది. అది తూకంలో వేసే మొగ్గు. దాన్ని మామయ్య మానుకోలేదు, మానితే గిరాకీ పోతుంది.

రోజుకు సుమారు 3 కిలోలు అమ్ముడవుతాయి, టౌన్ నుంచి సరుకు రావడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే ఒక రోజు అదనంతో కలిపి 9 కిలోలకు హెచ్చరిక పెట్టారు. రోజూ తూచే మామయ్య ఇప్పుడు ఆదివారం మాత్రమే తూస్తాడు. సంక్రాంతి బెల్లానికి మాత్రం యాప్‌ను అడగడు. అది గడిచిన వారాల అమ్మకాన్నే చూస్తుంది, పండగను చూడదు.