బిల్లులో కోత పడితే కాంట్రాక్టర్ రాసే ఉత్తరం

మూడో రన్నింగ్ బిల్లు పాసైంది. కానీ కాంట్రాక్టర్ పెట్టిన లెక్కకన్నా పేమెంట్ సర్టిఫికెట్‌లో 24,294 రూపాయలు తక్కువ. ‘అన్యాయం జరిగింది, సరిచేయండి’ అని రాస్తే ఆ ఉత్తరం ఫైలులో పడి ఉంటుంది. కోత ఏ ఐటంలో పడిందో, జవాబూ అదే ఐటం కింద ఉండాలి. బడి గదులు కట్టే పనిని ఊహించుకుని చూద్దాం.

మొదటిది ప్లాస్టరింగ్. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీలు 20. అంటే ఒక వైపు 36 చదరపు మీటర్ల ఖాళీ. గోడకు రెండు వైపులా పూత ఉంది కాబట్టి ఇంజనీరు 72 తీసేశారు. అగ్రిమెంట్‌లో కొలతలకు ఐఎస్ 1200 వర్తిస్తుందని ఉంటే ఇక్కడ కాంట్రాక్టర్‌దే పైచేయి. అర చదరపు మీటరు దాటి మూడు వరకు ఉండే ఖాళీలకు, రెండు వైపులా ఒకే పూత ఉన్నప్పుడు, ఒక వైపే తగ్గించాలని అందులో ఉంది. కిటికీ అంచుల లోపలి పూతను విడిగా కొలవరు, రెండో వైపు వదిలేసేది అందుకే. కాబట్టి 36 చదరపు మీటర్లు, 300 రూపాయల రేటున 10,800 తిరిగి రావాలి.

రెండోది ఇనుము. 12 ఎంఎం కడ్డీలకు 150 చోట్ల 60 సెంటీమీటర్ల చొప్పున వేసిన ల్యాపులను లెక్కలోంచి తీసేశారు. మీటరుకు 0.888 కిలోల చొప్పున 79.92 కిలోలు, కిలో 75 రూపాయల రేటున 5,994. డ్రాయింగులో చూపించిన ల్యాపులకు డబ్బు రావాలి, కోతలో మిగిలిన ముక్కలకు రాదు. అందుకే ఉత్తరానికి బార్ బెండింగ్ షెడ్యూలు జతచేసి, ల్యాపులున్న వరసలకు గుర్తు పెడతారు.

మూడోదే చిక్కు. మెత్తటి నేల తగలడంతో పునాది గుంటలు లోతుగా తవ్వారు. అదనంగా 30 ఘనపు మీటర్లు, రేటు 250, మొత్తం 7,500. ఇప్పుడు గుంటలు పూడిపోయాయి, మళ్లీ కొలిచే వీల్లేదు. సైట్ ఆర్డర్ బుక్కులో ఏఈ సంతకంతో ‘ఇంకా తవ్వండి’ అని ఉంటేనో, పూడ్చకముందు లెవెల్స్ తీసి ఎం-బుక్కులో ఎక్కించి ఉంటేనో ఈ ఐటం నిలబడుతుంది. టేపు కనబడేలా తీసిన ఫొటో తోడ్పడుతుంది గానీ ఆ సంతకానికి బదులు కాదు. నోటిమాట మీద తవ్వించి ఉంటే ఆ సంగతి దాచకుండా, ఎవరు ఏ తేదీన చెప్పారో రాయడం మేలు. మిగతా రెండు ఐటంల మీద అనుమానం రాకుండా ఉంటుంది.

చివర అడిగేవి రెండే: ఏఈ సమక్షంలో ఉమ్మడి కొలతలకు తేదీ, తేలిన మొత్తాన్ని నాలుగో బిల్లులో కలపడం. ఈలోగా సర్టిఫికెట్‌లో ఉన్న డబ్బు తీసుకోవచ్చు. అయితే ఎం-బుక్కులో ఊరికే సంతకం పెట్టకుండా, పక్కన ‘ఈ మూడు ఐటంలపై అభ్యంతరంతో’ అని రాసి, ఉత్తరం కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి.