బండి ఏ వైపు పడింది?

క్లెయిమ్ ఫారంలో ‘బండి పడి దెబ్బతింది’ అని ఒక్క ముక్క రాస్తే సర్వేయర్‌కు ఏం అర్థమవుతుంది? ఇలా రాయాలి: ‘రాత్రి ఏడున్నర, సన్నటి తుంపర. ఎడమ మలుపులో ఇసుక ఉంది. 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాను. ముందు ఆటో ఆగడంతో బ్రేకు వేశాను. ముందు చక్రం జారి బండి ఎడమవైపు పడింది.’

దెబ్బలూ అదే చెప్పాలి: పగిలిన ఎడమ అద్దం, విరిగిన క్లచ్ లివర్, వంగిన గేర్ పెడల్. పనిలో పనిగా కుడివైపు పాత సొట్టనూ కలిపితే దొరికిపోతారు. తుప్పు పట్టిన గీత నిన్నటిది కాదు కదా!

సర్వే అయ్యేదాకా బండి విప్పించకండి. నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీయండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మాత్రం సొంత బండి రిపేరుకు పైసా రాదు.