మంజూరైన సెలవు, మారిన మేనేజర్

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసే అమ్మాయిని ఊహించుకుందాం. ఫిబ్రవరి 20న కాకినాడలో తమ్ముడి పెళ్లి. 16 నుంచి 25 వరకు, అంటే శని ఆదివారాలు పోను ఎనిమిది పనిదినాలకు, నవంబరులోనే లీవ్ పెట్టింది. మేనేజర్ అదే వారం ఆమోదించాడు. రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది కాబట్టి, డిసెంబరు మధ్యలో బుకింగ్ తెరుచుకున్న పూటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసుకుంది. జనవరి మొదటి వారంలో ఆమెను వేరే ప్రాజెక్టుకు మార్చారు. అక్కడ కొత్త వెర్షన్ విడుదల ఫిబ్రవరి 24 రాత్రి. కొత్త మేనేజర్‌కు పెళ్లి సంగతి తెలియదు. ఆమెకు విడుదల తేదీ తెలియదు. ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురెదురుగా రాక తప్పదు. జనవరిలో వస్తే మాటలతో తేలిపోతుంది, ఫిబ్రవరి రెండో వారంలో వస్తే గొడవవుతుంది.

ముందుగా, పోర్టల్‌లో మంజూరైన సెలవుకు బదిలీతో ఏమవుతుందో చూద్దాం. చాలా కంపెనీల్లో లీవ్ రికార్డు ఉద్యోగి నంబరుకు ముడిపడి ఉంటుంది, మేనేజర్ పేరుకు కాదు. అందువల్ల మేనేజర్ మారినంత మాత్రాన ఆమోదం రద్దు కాదు. బ్యాలెన్స్‌లోంచి కోత కూడా అలాగే ఉంటుంది. ఇంకా పెండింగ్‌లో ఉన్న దరఖాస్తు సంగతి వేరు. అది కొన్ని చోట్ల కొత్త మేనేజర్‌కు వెళ్తుంది, కొన్ని చోట్ల పాత మేనేజర్ దగ్గరే ఉండిపోతుంది. ఆయనేమో ‘ఇప్పుడు మా టీమ్ కాదు కదా’ అని ముట్టుకోడు. బదిలీ ఖరారు కాకముందే పెండింగ్ లీవులన్నీ పాత మేనేజర్ చేత తేల్పించుకోమని చెప్పేది ఇందుకే.

రికార్డు నిలిచి ఉన్నా చిక్కు ఎందుకొస్తుందంటే, పని పంచేవాళ్లు ఆ రికార్డు చూడరు. ఎవరికి ఏ పని, విడుదల రాత్రి ఎవరు ఉండాలి అనేవి ప్రాజెక్ట్ లీడ్ తన షీట్‌లో రాసుకుంటాడు. పోర్టల్‌లో ఉండే రిపోర్టింగ్ మేనేజర్ ఒకరు, రోజూ పని చెప్పే లీడ్ మరొకరు కావడం ఐటీ కంపెనీల్లో మామూలే. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్తగా వచ్చిన మనిషి పాత లీవులు టీమ్ క్యాలెండర్‌లో వెంటనే కనిపిస్తాయన్న నమ్మకం లేదు. పోర్టల్‌లో ‘అప్రూవ్డ్’ అని పచ్చరంగులో ఉంది కదా అని ఆమె ధీమాగా ఉంటుంది, షీట్‌లో ఆమె పేరు ఎదురుగా 24వ తేదీ ఉంటుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

బదిలీతో నిజంగానే లెక్క మారే సందర్భాలు రెండున్నాయి. ఒకటి ఊరు మారడం. కంపెనీ పండగ సెలవుల జాబితా ఒక్కో ఊరికి ఒక్కో రకంగా ఉంటుంది. సంక్రాంతి వారంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా లీవ్ పెట్టిన హైదరాబాద్ ఉద్యోగికి మధ్యలో పండగ సెలవు ఒకటి పడితే నాలుగు రోజులే కోత పడుతుంది. అతన్ని ఈలోగా సంక్రాంతికి సెలవివ్వని ఆఫీసుకు మార్చారనుకోండి, ఆ లీవే ఐదు రోజులవుతుంది. బ్యాలెన్స్‌లో నాలుగే ఉంటే ఒక రోజు జీతం పోతుంది. కొత్త ఊరి జాబితా తీసి ఒక్కసారి లెక్క చూసుకుంటే ఇది బయటపడుతుంది.

రెండోది గ్రూపులోని మరో కంపెనీకి మారడం. పైకి బోర్డు మీద పేరు ఒకటే కనిపించినా, అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చే సంస్థ మారితే చాలాచోట్ల కొత్త ఉద్యోగిగానే నమోదు చేస్తారు. కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు మీద ఉన్న ఆమోదాలు దానితోపాటే మూతపడతాయి. మిగిలిన సెలవులు వెంట వస్తాయా, డబ్బుగా చెల్లిస్తారా అన్నది ఆ కంపెనీ నిబంధనల్ని బట్టి ఉంటుంది. ఇలాంటి మార్పుకు ఒప్పుకునే ముందే, మంజూరైన ఫలానా తేదీల లీవ్ కొత్త సంస్థలోనూ చెల్లుతుందని హెచ్ఆర్ చేత మెయిల్‌లో రాయించుకోవాలి. తర్వాత అడిగితే అది కొత్త దరఖాస్తు కిందికే వస్తుంది.

చట్టం అండగా నిలుస్తుందా అని చాలామంది అడుగుతారు. తెలంగాణలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి ఏడాదిలో 15 రోజుల జీతంతో కూడిన సెలవు దక్కుతుంది. వాడుకోనివి 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. అయితే ఈ హక్కు రోజుల సంఖ్య మీద. తమ్ముడి పెళ్లి రోజుల్లోనే ఇచ్చి తీరాలని అది చెప్పదు. ప్రభుత్వ ఉద్యోగుల ఫండమెంటల్ రూల్ 67 ఇంకా సూటిగా ఉంటుంది. సెలవును హక్కుగా కోరరాదనీ, ప్రజాసేవ అవసరాలను బట్టి నిరాకరించడానికీ, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడానికీ మంజూరు చేసే అధికారికి విచక్షణ ఉందనీ అది చెబుతుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది ప్రసూతి సెలవు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల చొప్పున చట్టం ఇచ్చిన ఈ హక్కు టీమ్ మారినా, మేనేజర్ మారినా కదలదు. దాన్ని బతిమాలి అడగాల్సిన పనిలేదు, తేదీలు తెలియజేస్తే చాలు.

కాబట్టి మామూలు సెలవు విషయంలో పాత ఆమోదానికున్న బలం చాలావరకు కంపెనీ ఇచ్చిన మాటకున్న బలమే. నా దృష్టిలో అది చిన్న బలం కాదు. ఆమోదించింది ఫలానా మేనేజర్ అయినా, కంపెనీ తరఫునే ఆమోదించాడు. దాన్ని నమ్మి ఆమె టికెట్లు కొన్నది, ఇంట్లోవాళ్లు పెళ్లి పనులు పంచుకున్నారు. ఈ మాట గట్టిగా చెప్పడానికి సరైన సమయం కొత్త ప్రాజెక్టు వాళ్లు మాట్లాడటానికి పిలిచినప్పుడే. అప్పుడు వాళ్లకు మనిషి కావాలి. విడుదల ఎప్పుడో ఆమె కూడా అడిగి తెలుసుకోవచ్చు. అడుగు పెట్టక ముందు చెప్పిన ఎనిమిది రోజులు వాళ్ల లెక్కలో ఒక వివరం. చేరిన నెలకు చెబితే అవే ఎనిమిది రోజులు వాళ్ల ప్రణాళికకు దెబ్బ.

అప్పుడు చెప్పడం కుదరకపోతే చేరిన మొదటి వారం దాటనివ్వకూడదు. ముందు నోటితో చెప్పి, అదే రోజు మెయిల్ పెట్టాలి. మన అమ్మాయి మెయిల్ ఇలా ఉంటే సరిపోతుంది:

“ఫిబ్రవరి 16 నుంచి 25 వరకు ఎనిమిది పనిదినాలు నాకు లీవ్ ఉంది. నా తమ్ముడి పెళ్లి. నవంబరులో నా అప్పటి మేనేజర్ ఆమోదించారు, పోర్టల్ స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను. ఈ లీవ్ ఇలాగే కొనసాగాలని కోరుతున్నాను. మన విడుదల 24న ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. నా వంతు టెస్ట్ కేసులు 12వ తేదీలోగా పూర్తిచేసి, నా బదులు చూసేవారికి 13న అప్పగిస్తాను. ఈ తేదీలు మీ ప్లాన్‌లో నమోదు చేశారని ఈ శుక్రవారంలోగా ఒక్క మాట రాయగలరు.”

ఇందులో ఆమె లీవ్ ఇవ్వమని అడగడం లేదు, ఉన్నదాన్ని ఉండనివ్వమంటోంది. ‘మీకు వీలైతే’, ‘ఇబ్బంది లేకపోతే’ అని మొదలుపెడితే, తేలిపోయిన విషయాన్ని తనే మళ్లీ తెరిచినట్టవుతుంది. జవాబు కోరడం కూడా అవసరమే. మౌనంగా ఉన్న మేనేజర్ ఒప్పుకున్నాడో, మెయిలే చదవలేదో తెలియదు. ప్రాజెక్ట్ లీడ్‌కు, పాత మేనేజర్‌కు కాపీ పెట్టాలి. అసలు చేయకూడని పని ఒకటుంది. ‘పాతది రద్దు చేసి నా పేరు మీద మళ్లీ పెట్టండి, చూద్దాం’ అని ఎవరైనా అంటే, రద్దు చేయకూడదు. రద్దు చేసిన క్షణంలోనే పాత ఆమోదం పోతుంది, చేతిలో ఒక కొత్త దరఖాస్తు మాత్రమే మిగులుతుంది.

కొత్త మేనేజర్ ఏమనొచ్చు? “పెళ్లి కాదనను గానీ, 24న మీరు లేకపోతే ఎలాగండి?” అంటాడు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ తన ఎనిమిది రోజుల్లో దేన్ని కదపవచ్చో, దేన్ని కదపలేదో ఆమెకు ముందే తెలిసి ఉండాలి. 20న పెళ్లి, 22న సత్యనారాయణ వ్రతం. వాటికి ముందు రోజులు పనులతో నిండి ఉంటాయి. చివరి రెండు రోజులు మాత్రం విశ్రాంతికి పెట్టుకున్నవి. “23 రాత్రి రైలెక్కి 24 పొద్దున్నే వచ్చేస్తానండి, ఆ రాత్రి ఉంటాను. ఆ రెండు రోజుల లీవ్ మార్చిలో ఇప్పించండి” అనవచ్చు. అప్పుడు లీవ్ ఎనిమిది నుంచి ఆరు రోజులకు తగ్గుతుంది, విడుదల ఆగదు, పెళ్లీ ఆగదు. ఈ ఒప్పందమూ మెయిల్‌లోకి ఎక్కాలి, మార్చి తేదీలతో సహా. తిరుగు టికెట్ మార్చుకోవాలి కాబట్టి జనవరిలోనే తేలాలి. ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టో తత్కాలో తప్ప దారి ఉండదు.

పూర్తిగా కుదరదన్నాడనుకోండి. అప్పుడు ఆ మాటే రాతపూర్వకంగా, కారణంతో సహా ఇమ్మని మర్యాదగా అడగాలి. రాయాల్సి వచ్చేసరికి చాలామంది మరోసారి ఆలోచిస్తారు. రాసి ఇస్తే, పాత ఆమోదం, టికెట్ల రసీదులు, తను సూచించిన ప్రత్యామ్నాయం జతచేసి హెచ్ఆర్‌కు పంపాలి. రద్దు కారణంగా పోయే టికెట్ డబ్బు ఎవరు భరిస్తారని కూడా అందులోనే అడగాలి. కంపెనీ ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. కానీ అడిగితే, ఆ రద్దుకు ఒక ధర ఉందని నిర్ణయం తీసుకునేవాళ్లకు కనిపిస్తుంది. చెప్పకుండా వెళ్లిపోవడం, ఆ రోజు జ్వరమని మెసేజ్ పెట్టడం మాత్రం వద్దు. అప్పటిదాకా ఆమె వైపున్న న్యాయం ఒక్కపూటలో ఎదుటివాళ్ల వైపు వెళ్తుంది.

మేనేజర్లకు ఒక విన్నపం. టీమ్‌లోకి కొత్త మనిషి వచ్చిన మొదటి రోజు ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్‌ల సంగతి అడిగినట్టే, “రాబోయే మూడు నెలల్లో మీకు ముందే మంజూరైన లీవులేమైనా ఉన్నాయా?” అని కూడా అడగండి. అడిగి, పని పంచే షీట్‌లో ఆ తేదీలు అప్పుడే రాసేయండి.