తంబుర చెవిలో, గొంతు మైకులో

ఇంట్లో కీర్తన రికార్డు చేసేవాళ్లు చాలామంది తంబుర యాప్‌ను స్పీకర్లో పెట్టుకుని పాడతారు. పాడుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. తర్వాత వింటే తంబుర గొంతును కమ్మేసి ఉంటుంది. రెండూ ఒకే ట్రాకులో కలిశాక ఒకదాన్ని తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. అందుకే తంబుర ఇయర్‌ఫోన్‌లో మోగాలి, మైకుకు గొంతు మాత్రమే అందాలి. ఒక చెవి వదిలేస్తే మన గొంతు మనకు తెలుస్తుంది. ఖాళీగా ఉన్న ఇయర్‌ఫోన్‌ను మాత్రం గుప్పిట్లో మూసి పట్టుకోవాలి.

అన్నమయ్య ‘ముద్దుగారే యశోద’ను తీసుకుందాం. కురంజి రాగం, ఆది తాళం. ఈ రాగం తారస్థాయికి పోదు, మంద్ర నిషాదం నుంచి మధ్య దైవతం వరకే తిరుగుతుంది. మామూలు శ్రుతిలో పాడితే గొంతు అడుగున ఉండిపోతుంది. అందుకని మధ్యమ శ్రుతిలో పాడతారు. తంబురలో పంచమం బదులు మధ్యమం పెట్టి, ఆ మధ్యమాన్నే షడ్జంగా పట్టుకుంటారు. అయిదో శ్రుతి వారికి షడ్జం అప్పుడు ఒకటో శ్రుతికి, అంటే పై ‘సి’కి చేరుతుంది. యాప్‌లో ‘Pa’ తీసి ‘Ma’ ఎంచుకోవడం మరిచిపోతే పాట మొదటి నుంచీ శ్రుతికి అంటీముట్టనట్టే సాగుతుంది.

కాలప్రమాణాన్ని పల్లవితో కాకుండా చరణంతో తేల్చుకోండి. మాటలు చిక్కగా వచ్చేది అక్కడే. నిమిషానికి 72 దెబ్బలతో మొదలుపెట్టి చూడండి. మాటల మధ్య ఊపిరికి చోటు లేకపోతే 66కు దించండి. మెట్రోనోమ్ కూడా చెవిలోనే, సన్నగా ఉండాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో దెబ్బ ఆలస్యంగా వినిపిస్తుంది కాబట్టి తీగ ఉన్నవే మేలు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడల్లా గాలి కొట్టి ‘ధబ్’మంటుంది. మరీ దగ్గరైతే గొంతు బొంగురుగా, దూరమైతే గది మార్మోగుతూ వినిపిస్తుంది. పరుపు, తెరలు ఉన్న పడకగదిలో ఫ్యాన్ ఆపి పాడండి. అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు ముందే పాడి, మీటరు -6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ తగ్గించుకోండి.

ఇక మిక్సింగ్. 80 హెర్ట్జ్ కింది గురగురను కోసేయండి. కంప్రెసర్ 2:1 చాలు. ఎక్కువైతే ఊపిరి శబ్దం పైకి లేచి, మెల్లగా పాడినదీ గట్టిగా పాడినదీ ఒకటైపోతాయి. రివర్బ్ వల్ల మాట చివరి అక్షరం చెదిరితే అది ఎక్కువైనట్టే. తంబురను వేరే ట్రాకులో, అదే శ్రుతిలో కలిపి, గొంతు ఆగినచోట మాత్రమే స్పష్టంగా తెలిసేంత ఉంచండి. ఆటోట్యూన్ జోలికి పోకండి. గమకాన్ని అది అపస్వరమనుకుని సాపు చేసేస్తుంది. ఎక్కడైనా శ్రుతి తప్పితే అదే దూరంలో కూర్చుని, ఆ చరణం మొత్తం మళ్లీ పాడండి.