ఆఫీసు నుంచి క్లౌడ్‌కు: వీపీఎన్ చాలా, సొంత లైను కావాలా?

విజయవాడలో మందుల పంపిణీ సంస్థ ఒకటి ఉందనుకుందాం. అరవై మంది సిబ్బంది. ఇన్నాళ్లూ మూలగదిలో ఉన్న బిల్లింగ్ సర్వర్‌ను అమెజాన్ క్లౌడ్‌లో ముంబైకి మార్చారు. ఇప్పుడు ప్రతి బిల్లూ అక్కడిదాకా వెళ్లి రావాలి. అందుకు దారులు రెండు.

మొదటిది సైట్-టు-సైట్ వీపీఎన్. ఆఫీసు రౌటర్‌కూ క్లౌడ్‌కూ మధ్య, మామూలు ఇంటర్నెట్ మీదుగానే, గుప్తీకరించిన సొరంగం ఏర్పడుతుంది. తగిన రౌటర్ ఉంటే ఒక పూటలో పని అయిపోతుంది. అమెజాన్ ఒక్కో కనెక్షన్‌కు రెండు సొరంగాలు ఇస్తుంది. చాలామంది ఒకటి పనిచేయగానే రెండోదాన్ని వదిలేస్తారు. అమెజాన్ తన వైపు మరమ్మతుకు మొదటిదాన్ని ఆపిన రోజు బిల్లింగూ ఆగిపోతుంది. అందుకే రెండూ పెట్టి తీరాలి.

రెండోది ప్రత్యేక లైను. అమెజాన్‌లో దీని పేరు డైరెక్ట్ కనెక్ట్, మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌ప్రెస్‌రూట్. క్లౌడ్ సంస్థ మన గుమ్మందాకా కేబుల్ తెస్తుందనుకుంటే పొరపాటే. దాని రౌటర్లు కొన్ని డేటా సెంటర్లలోనే ఉంటాయి. అక్కడిదాకా టెలికాం సంస్థ దగ్గర లైను అద్దెకు తీసుకోవాలి, లోపల రెండు పరికరాలనూ కేబుల్‌తో కలిపించుకోవాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పోర్టుకు గంటల లెక్కన క్లౌడ్ సంస్థకు, నెలనెలా లైను అద్దె టెలికాం సంస్థకు కట్టాలి. ఈ లైనులో డేటా దానంతటది గుప్తీకరణ కాదన్నది చాలామందికి తెలియదు. ఇతరుల ఇంటర్నెట్ రద్దీలో కలవదు, అంతే. గుప్తీకరణ కావాలంటే విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

మరి ఈ సంస్థకు ఏది కావాలి? రాత్రి బ్యాకప్ 90 జీబీ అనుకుందాం. వంద ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే రెండు గంటల పని. రాత్రంతా ఖాళీయే కనుక వీపీఎన్ చాలు. తేడా తెలిసేది పగలే. బిల్లింగ్ తెర ఒకటి తెరుచుకోవడానికి సర్వర్‌ను వందసార్లు అడుగుతుందనుకోండి. వెళ్లి రావడానికి 25 మిల్లీసెకన్లు పడితే మొత్తం రెండున్నర సెకన్లు. సాయంత్రం ఇంటర్నెట్ రద్దీలో అదే 60 అయితే ఆరు సెకన్లు. లైను వేగం పెంచినా ఈ ఆలస్యం పెద్దగా తగ్గదు. ప్రత్యేక లైనుకు పెట్టే డబ్బు అసలు ఈ నిలకడ కోసమే. కాబట్టి ముందు వీపీఎన్ పెట్టి, రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఆలస్యాన్ని నమోదు చేసి, ఆ తర్వాతే నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

ఈలోగా వచ్చే ఒక ఫిర్యాదు మాత్రం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. లాగిన్ అవుతుంది, చిన్న తెరలు తెరుచుకుంటాయి, నెలవారీ నివేదిక తీయబోతే అలాగే నిలిచిపోతుంది. వీపీఎన్ నెమ్మది అని తేల్చేసి ఖరీదైన లైనుకు పరుగెత్తుతారు. అసలు కారణం ప్యాకెట్ పరిమాణం. మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండవచ్చు. వీపీఎన్ దాన్ని ఇంకో కవరులో పెడుతుంది. ఆ కవరు బరువుతో పరిమితి దాటిపోతుంది. చిన్నది పంపమని దారిలోని రౌటర్ కబురు పెడుతుంది గానీ, ఆ కబురును ఏదో ఒక ఫైర్‌వాల్ అడ్డుకుంటే పంపినవాడికి సంగతే తెలియదు. విండోస్‌లో ఇలా చూడవచ్చు, 10.0.1.10 స్థానంలో మీ సర్వర్ చిరునామా పెట్టండి:

```
ping -f -l 1472 10.0.1.10
ping -f -l 1372 10.0.1.10
```

మొదటిది విఫలమై రెండోది పనిచేస్తే జబ్బు ఇదే. రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ విలువను 1360 దగ్గరికి తగ్గిస్తే నివేదిక మామూలుగా వస్తుంది. పైసా ఖర్చు లేదు.

కొలతలు చూశాక ప్రత్యేక లైను తీసుకున్నా వీపీఎన్‌ను తీసేయకూడదు. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగితే ఆదుకునేది అదే. కాకపోతే అది వేరే సంస్థ ఇంటర్నెట్ మీద, వేరే దారిలో వచ్చే కేబుల్ మీద ఉండాలి. రెండూ ఒకే గోతిలోంచి వస్తే రెండూ ఒకేసారి తెగుతాయి. ఒకే చిరునామాలు రెండు దారుల్లోనూ కనిపిస్తే అమెజాన్ డైరెక్ట్ కనెక్ట్‌నే ఎంచుకుంటుంది. మన రౌటర్‌కూ అదే వరస చెప్పాలి. లేకపోతే అడిగేది ఒక దారిలో, జవాబు ఇంకో దారిలో నడిచి, మధ్యలో ఫైర్‌వాల్ దాన్ని పారేస్తుంది.

ఆదివారం ఎవరూ లేనప్పుడు ప్రత్యేక లైను కేబుల్‌ను చేత్తో ఊడదీసి చూడాలి. పింగ్ వస్తోందని సరిపెట్టుకోవద్దు, నెలవారీ నివేదికనే తీయాలి. ప్రత్యేక లైనులో 1500 బైట్ల ప్యాకెట్లు హాయిగా వెళ్తాయి కనుక వీపీఎన్ వైపు సర్దుబాటు మరిచిపోయినా ఇన్నాళ్లూ బయటపడి ఉండదు.