పోటీ వ్యాసానికి అంశ నిర్ణయం: ‘కన్యాశుల్కం’ తొలి పీఠికలోని లెక్కలు

విద్యార్థి వేతనాల కోసం నిర్వహించే పరిశోధన వ్యాస పోటీలలో ‘కన్యాశుల్కం - సంఘ సంస్కరణ’ వంటి అంశం తరచుగా కనిపిస్తుంది. దానికి సమాధానం సాహిత్య చరిత్ర గ్రంథాలలో సిద్ధంగా ఉంది కనుక, విద్యార్థి దానిని ఎత్తి రాస్తే ఆ తప్పు సగం అంశానిదే. అదే నాటకం నుంచి ఆలోచనను కోరే ప్రశ్నను రూపొందించడం కష్టం కాదు.

1897 నాటి తొలి ముద్రణకు గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆదేశంపై, విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాను తయారుచేశారు. అందులో నమోదైనవి 1,034. వధువు వయస్సు అయిదేళ్లుగా ఉన్నవి 99, నాలుగేళ్లవి 44, మూడేళ్లవి 36, రెండేళ్లవి 6, ఏడాదివి 3. శుల్కం తీసుకున్నట్లు ఒప్పుకోవడానికి జనం ఇష్టపడలేదు కనుక జాబితా సమగ్రం కాదని గురజాడే చెప్పారు.

ఈ అంకెలను ప్రశ్నపత్రంలోనే ఇచ్చి, ‘జాబితా అసమగ్రమైనందున అయిదేళ్లు, అంతకంటే తక్కువ వయస్సు వధువుల నిష్పత్తి వాస్తవం కంటే తక్కువగా కనిపిస్తున్నదా?’ అని అడగవచ్చు. అంకెలు అందరి ముందూ ఉంటాయి కనుక పెద్ద గ్రంథాలయం అందుబాటులో ఉన్న విద్యార్థికి అదనపు లాభం ఉండదు.

చాలామంది వెంటనే ‘అవును’ అంటారు. నమోదైన లెక్కలో ఆ వధువులు 188 మంది, అంటే సుమారు 18 శాతం. వాదన కోసం మరో 300 వివాహాలు దాచారనుకుందాం. అవన్నీ అయిదేళ్లు దాటిన వధువులవైతే మొత్తం 1,334లో 188, అంటే 14 శాతమే. అవన్నీ పసిపిల్లలవైతే 488, అంటే దాదాపు 37 శాతం. మొత్తం సంఖ్య తగ్గిందన్నది నిశ్చయం. నిష్పత్తి ఎటు మారిందన్నది ఎవరు దాచారన్న దానిపై ఆధారపడుతుంది. అక్కడినుంచి విద్యార్థి స్వయంగా వాదించాలి. పసిబిడ్డను అమ్మిన తండ్రికి సిగ్గు ఎక్కువా? లేక శుల్కం హెచ్చుగా పుచ్చుకున్నవానికా? నాటకంలో లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు బేరాన్ని బాహాటంగానే సాగిస్తారు. దానిని ఈ వాదనలో సాక్ష్యంగా ఎంతవరకు వాడవచ్చునన్నది మరింత చిక్కు ప్రశ్న. ప్రహసనంలోని అతిశయోక్తిని జనాభా లెక్కగా చదివిన వ్యాసానికి మార్కులు తగ్గించవలసిందే.

ఇటువంటి అంశానికీ హద్దులున్నాయి. ఆ మూడేళ్లలో జిల్లాలో జరిగిన మొత్తం బ్రాహ్మణ వివాహాల సంఖ్య ఈ లెక్కలో లేదు. అందువల్ల ‘ఆచారం ఎంత వ్యాప్తిలో ఉండేది?’ అని అడిగితే విద్యార్థి ఊహనే ఆశ్రయించవలసి వస్తుంది. అంశాన్ని ప్రకటించేముందు పరీక్షకుడే ఒక పుటలో సమాధానం రాసి చూసుకుంటే ఈ లోపం బయటపడుతుంది. మూల్యాంకనంలో మాత్రం ‘అవును’, ‘కాదు’, ‘చెప్పలేం’ అనే మూడు నిర్ణయాలకూ సమానంగా మార్కులు దక్కే వీలుండాలి. దాచినవారెవరన్న ఊహను విద్యార్థి స్పష్టంగా ప్రకటించి, దానికి కారణం చూపాడా అన్నదే కొలత. 1,034 అనే సంఖ్యను ఉటంకించి, ఆచారాన్ని ఖండిస్తూ ముగిసే వ్యాసం ఆ కొలత దగ్గరే ఆగిపోతుంది.